మనసుపెట్టి రాయడం – ఆరో పాఠం: తప్పులు కలిపితే మనిషి రాసినట్టు ఉంటుందా?

పోయిన పాఠంలో మెషీన్‌తో రాయించుకున్న చిత్తుప్రతిని గట్టిగా చదివి, నోరు తిరగని చోట గీత పెట్టమన్నాను. చాలామంది పెట్టి పంపారు. అందులో పలాస నుంచి వచ్చిన ఒక ప్రతి దగ్గర ఆగిపోయాను. పంపిన తమ్ముడు జీడిపప్పు వ్యాపారం చేస్తాడు. వాట్సాప్‌లో పాత కస్టమర్లకు నెలకోసారి మెసేజ్ పెడతాడు. ఏఐ యాప్ రాసిచ్చింది మరీ పుస్తకంలా ఉందనిపించి, మనిషి రాసినట్టు కనబడాలని తనే కొన్ని అక్షరదోషాలు, కాస్త మన శ్రీకాకుళం యాస కలిపాడు. ఈరోజు పాఠమంతా ఆ ఒక్క మెసేజ్ మీదే. అతని అనుమతితోనే ఇక్కడ వాడుతున్నాను.

ముందు యాప్ ఇచ్చింది చూడండి.

"ప్రియమైన కస్టమర్లకు నమస్కారం! పలాస జీడిపప్పు అంటేనే నాణ్యత, రుచి, నమ్మకం. అత్యుత్తమ ప్రమాణాలతో, ప్రేమతో, శ్రద్ధతో తయారుచేసిన మా జీడిపప్పు మీ ప్రతి వేడుకనూ మరింత ప్రత్యేకం చేస్తుంది. ఈరోజే ఆర్డర్ చేయండి!"

తమ్ముడు మార్చి పంపింది ఇది.

"ఏటి బావు, అందరూ బాగున్నారా! పలాస జీడిపప్పు అంటేనే నాన్యత, రుచి, నమ్మకం. అత్యుత్తమ ప్రమాణాలతో, ప్రేమతో, శ్రద్దతో తయారుచేసిన మా జీడిపప్పు మి ప్రతి వేడుకనూ మరింత ప్రత్యేకం చేస్తాది. ఇంకెందుకు లేటు, ఈరోజే ఆర్డర్ చేసీయండి మరి!"

విజయనగరంలో ఉండే రిటైర్డ్ టీచరమ్మ ఒకరు ఏళ్లుగా అతని దగ్గరే పప్పు కొంటున్నారు. మెసేజ్ చూసి ఆవిడ పెట్టిన జవాబు: "నాయనా, ఇది నువ్వే పంపావా? నీ ఫోన్ గాని ఎవరి చేతిలోనైనా పడిందా?"

ఆవిడ భయంలో తప్పేమీ లేదు. లింకు నొక్కమనే, డబ్బు పంపమనే మోసం మెసేజ్‌లను ఎలా గుర్తుపట్టాలంటే అక్షరదోషాలు చూడమని మనకు ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. తెలిసిన నంబరు నుంచి తెలియని గొంతు వచ్చి, దాంట్లో తప్పులు కూడా ఉండి, చివర్లో డబ్బు సంగతి వస్తే ఎవరికైనా ముందు వచ్చే అనుమానం అదే. దగ్గరితనం కోసం చేసిన పని అతన్ని దొంగలా చూపించింది.

ఇప్పుడు ఆ తప్పుల్నే కాస్త దగ్గరగా చూద్దాం. "నాన్యత" అని రాశాడు. న, ణ తేడా పట్టని వాళ్లు ఉంటారు, అది నిజమైన తప్పే. కానీ మూడు మాటలు దాటగానే "ప్రమాణాలతో" అని ణ సరిగ్గా పడింది. ణ పలకని మనిషి "ప్రమానాలతో" అనే రాస్తాడు. తప్పు మనిషి అలవాటులోంచి వస్తుంది కాబట్టి, అదే అక్షరం వచ్చిన ప్రతిచోటా వస్తుంది. వత్తులు రాని వాళ్లకు "శ్రద్ద", "బుద్ది", "సిద్దం" అన్నీ ఒకేలా పోతాయి. మరి "మి"? రోజుకు వందసార్లు రాసే మాట అది. ఫోన్ కీబోర్డే "మీ" అని ముందుకు తోస్తుంది. కష్టమైన "అత్యుత్తమ"లో తకారాలన్నీ చక్కగా కుదిరి, ఒక్క అక్షరం మాటలో దీర్ఘం ఎగిరిపోవడం మనిషి చేతిలో మామూలుగా జరిగేది కాదు. చదివేవాళ్లు ఇదంతా లెక్కవేసి కూర్చోరు. ఏదో తేడాగా ఉందని మాత్రం వాళ్లకు తెలిసిపోతుంది.

ఇంకో నష్టం కూడా జరిగింది, అది జేబుకే తగిలింది. కావాలని తప్పులు పెట్టిన కాగితాన్ని మళ్లీ దిద్దాలని కన్ను చూడదు. మెసేజ్ కింద ధరల పట్టీలో 950 ఉండాల్సిన చోట 590 పడింది. అతను రెండుసార్లు చదివాడట, కనబడలేదు. ఇద్దరికి ఆ ధరకే ఇవ్వాల్సి వచ్చింది.

ఇక యాస. ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువే, ఎందుకంటే ఇది మా ఇంట్లో మాట. మన యాస "ఏటి", "బావు" అనే రెండు మాటల్లో లేదు. అది క్రియల్లో ఉంది, సర్వనామాల్లో ఉంది, ఏ మాట ఎంచుకుంటామన్న దాంట్లో ఉంది. "చేస్తాది" అనే నోరు "మరింత ప్రత్యేకం" అనదు. "ఓపాలి తిని సూడండి" అంటుంది. పండక్కీ పెళ్లికీ అంటుంది గాని ప్రతి వేడుకనూ అనదు. వాక్యమంతా పుస్తకంలో ఉండి మొదటి మాటా చివరి మాటా మాత్రమే మనవైతే, అది సినిమాలో నవ్వుల కోసం పెట్టే శ్రీకాకుళం పాత్రలా వినబడుతుంది. ఆ పాత్రల్ని చూసి మన పిల్లలు పట్నం కాలేజీల్లో నోరు విప్పడానికి సిగ్గుపడ్డ రోజులు నాకు తెలుసు. అదే వేషం మనమే వేసుకుంటే ఎలా?

పైగా ఎవరితో అంటున్నామో కూడా చూడాలి. ఆ తమ్ముడు టీచరమ్మని ఎదురుగా ఉంటే "అమ్మా" అనే పిలుస్తాడు. ఆవిడ ఫోన్‌లోకి "ఏటి బావు" అని వెళ్లింది. ఆ పిలుపు అతని నోట్లోంచి వచ్చినది కాదని ఆవిడకి ఆ ఒక్క మాటతోనే తెలిసిపోయి ఉంటుంది.

గిడుగు రామమూర్తి గారు మన జిల్లావారే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. వాడుక భాషలో రాయాలని ఆయన పోరాడారు కాబట్టి ఎలా రాసినా చెల్లుతుందని కొందరు అనుకుంటారు. కానీ అప్పట్లో లిపి లేని సవర గిరిజనుల భాషను ఆయన సవరల దగ్గరే విని నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు. కాగితం మీదకు ఎక్కని భాషకు కూడా తనదైన కట్టుబాటు ఉంటుందని తెలిసిన మనిషి చేసే పని అది. మన యాసకూ అలాంటి కట్టుబాటే ఉంది. యాసలో రాయాలనుకుంటే మొదటి మాట నుంచి చివరి మాట వరకూ యాసలోనే రాయండి, అది మంచి పని. రెండు చిటికెలు పైన చల్లడం మాత్రం వద్దు.

ఒకరు అడిగారు, మెషీన్ రాసిందా మనిషి రాశాడా అని పట్టే సాఫ్ట్‌వేర్లను తప్పులతో తప్పించుకోవచ్చు కదా అని. చాట్‌జీపీటీ తెచ్చిన ఓపెన్‌ఏఐ సంస్థ తనే తయారుచేసిన అలాంటి పరికరాన్ని, సరిగ్గా పట్టడం లేదని 2023 జులైలో ఆపేసింది. ఇంగ్లీషుకు తప్ప వేరే భాషలకు దాన్ని వాడొద్దని ముందే చెప్పింది కూడా. అలాంటి పరికరం కోసం మన తెలుగు పాడుచేసుకోవడం దండగ. మన మెసేజ్ చదివేది టీచరమ్మ.

అసలు యాప్ ఇచ్చిన ప్రతిలో లోపం ఏమిటి? అందులో "జీడిపప్పు" తీసేసి "మామిడి తాండ్ర" పెట్టండి. పలాస తీసేసి ఏ ఊరైనా పెట్టండి. ఒక్క అక్షరం మార్చక్కర్లేకుండా సరిపోతుంది. నాణ్యత, రుచి, నమ్మకం అని మూడు. ప్రమాణాలతో, ప్రేమతో, శ్రద్ధతో అని మళ్లీ మూడు. ఆ పప్పును చేత్తో పట్టుకున్న మనిషి ఆ వాక్యాల్లో ఎక్కడా లేడు. ఆ ఖాళీ అక్షరదోషాలతో నిండదు, తప్పులు పెట్టాక కూడా అలాగే ఉంది.

అందుకని అతనికి ఒక పని చెప్పాను. టీచరమ్మకు ఫోన్ చెయ్యి, ఈ నెల సరుకు గురించి మామూలుగా మాట్లాడు, నీ వైపు మాటలు మాత్రం రికార్డు చేసుకో. తర్వాత విని, నువ్వన్న మాటల్ని ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టు. నాలుగు నిమిషాల ఫోన్. అందులో అతను అన్న ఒక మాట విని నాకు సంతోషం వేసింది: "అమ్మా, పాయసానికి గుళ్లు ఎందుకండీ, బద్దలు తీసుకోండి, డబ్బు కలిసొస్తాది." గుళ్లంటే విరగని నిండు గింజలు, బద్దలంటే రెండుగా చీలినవి. ఎక్కువ ధర సరుకు వద్దని అమ్మేవాడే చెప్పడం ఏ యాప్ తనంతట తాను రాయదు. అతనికి ఆవిడ వంటిల్లు తెలుసు కాబట్టి అన్నాడు.

ఆ కాగితంలోంచి మూడు రకాల సంగతులు ఏరుకోమన్నాను. ఈ నెల సరుకుకే చెందిన వివరం ఒకటి. కొనేవాళ్లకు పనికొచ్చే సలహా ఒకటి. మన వల్ల కానిది ఒకటి, ఉన్నదున్నట్టు ఒప్పుకుంటూ. ఈ మూడోది చాలామంది దాచేస్తారు. చదివేవాళ్లు నమ్మడం మొదలుపెట్టేది అక్కడి నుంచే.

తర్వాత అక్షరదోషాలన్నీ దిద్దాం. దిద్దడానికి యాప్ వాడుకున్నా నాకు అభ్యంతరం లేదు, మాటలు మాత్రం మార్చనివ్వకూడదు. మన వాడుక మాట ఒకటే ఉంచాం, "పిక్కలు". పెంకు తీయని జీడిగింజలకు మన దగ్గర ఉన్న పేరు అదే కాబట్టి ఉంచాం. చివరికి వెళ్లిన మెసేజ్ ఇది.

"అమ్మా, అయ్యా, నమస్కారం. ఈ వారం పిక్కలు కొట్టించిన కొత్త పప్పు వచ్చింది. డబ్ల్యూ 240 రకం గుళ్లు, కిలో 950 రూపాయలు. కిలోకు ఐదు వందల గింజలు, కాస్త అటూ ఇటూగా తూగుతాయి. పెళ్లిలో పెట్టడానికి, ఉప్పు కారం జల్లి వేయించుకోవడానికి ఇవి బాగుంటాయి. పాయసానికి, ఉప్మాకి అయితే బద్దలు తీసుకోండి, కిలోకు 150 తగ్గుతుంది, రుచి ఒకటే. బస్సు పార్సిల్‌లో కొన్ని గుళ్లు విరుగుతాయి, అది నా చేతిలో లేదు. కవరు విప్పగానే డబ్బాలో పోసి మూత బిగించండి. మెత్తబడితే సన్న సెగ మీద రెండు నిమిషాలు వేయించండి."

240 అనే అంకె గురించి చిన్న మాట. ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని గింజలు తూగుతాయో చెప్పే అంకె అది. 320 రకం అయితే గింజ చిన్నది కాబట్టి కిలోకు దాదాపు ఏడు వందల దాకా వస్తాయి. వ్యాపారులు రోజూ అనే ఈ అంకె కొనేవాళ్లలో చాలామందికి అర్థం కాదు. అందుకే మెసేజ్‌లో అంకె పక్కనే కిలో లెక్క పెట్టించాను. మీ వ్యాపారంలోనూ ఇలాంటి అంకె ఒకటి ఉండే ఉంటుంది.

ఒక హద్దు కూడా చెప్పాలి. బ్యాంకుకు పెట్టే దరఖాస్తుకు, కరెంటు మీటరు మార్చమని రాసే అర్జీకి ఇంత పని అవసరం లేదు. అక్కడ యాప్ ఇచ్చిన పొడి భాషే సరిపోతుంది. పేరు, తేదీ, నంబర్లు సరిచూసుకుని పంపండి.

ఈ వారం అభ్యాసం. మీరు ఈ మధ్య పంపిన మెసేజ్ ఒకటి తీసుకుని అందులో మీ సరుకు పేరు, ఊరి పేరు మార్చి చూడండి. ఇంకా సరిపోతుంటే, మీకు బాగా తెలిసిన ఒక్క కస్టమరుకు ఫోన్ చేసి, మీ మాటలు రికార్డు చేసి, పైన చెప్పిన మూడు సంగతులు ఏరండి. పాతదీ కొత్తదీ రెండూ పంపండి. రికార్డు వింటూ రాసుకున్న కాగితం కూడా జతచేయండి, ఏడో పాఠంలో దాని మీదే పని ఉంది. టీచరమ్మ ఈసారి రెండు కిలోల బద్దలు, అర కిలో గుళ్లు చెప్పారు.