పసిబిడ్డ నోట్లో తెల్లపూత: పాలా, ఫంగసా?

సిజేరియన్ తర్వాతో, రొమ్ముకు చీము పట్టినప్పుడో తల్లి యాంటీబయాటిక్ వాడిందంటే, ఆ తర్వాత రెండు మూడు వారాలు బిడ్డ నోరు రోజూ ఒకసారి వెలుతురులో చూడాలి. క్యాండిడా అనే ఫంగస్ మామూలుగానే మన ఒంట్లో కొద్దిగా ఉంటుంది. దాన్ని అదుపులో ఉంచే మంచి బ్యాక్టీరియాను మందు చంపేస్తే అది పెరుగుతుంది. దానివల్ల నోట్లో వచ్చే తెల్లపూతనే థ్రష్ అంటారు. బిడ్డే యాంటీబయాటిక్ వాడినా ఇంతే.

పాలు తాగిన వెంటనే చూస్తే ఏ బిడ్డ నాలుకైనా తెల్లగానే ఉంటుంది. గంట ఆగి చూడండి. చేతులు కడుక్కుని, కాచి చల్లార్చిన నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డను వేలికి చుట్టి, నాలుకను ఒక్కసారి మెల్లగా తుడవండి. పాల తెలుపైతే వచ్చేస్తుంది, కింద నాలుక మామూలు గులాబీ రంగులో ఉంటుంది. థ్రష్ అయితే విరిగిన పాల ముక్కల్లా అతుక్కుని ఉంటుంది. గీకితే కింద ఎర్రగా, పచ్చిగా కనిపిస్తుంది, ఒక్కోసారి కొద్దిగా నెత్తురు వస్తుంది. అందుకే రెండోసారి రుద్దవద్దు. అసలు గుర్తు నాలుక మీద కాదు, బుగ్గల లోపల ఉంటుంది. పెదవి లోపల, చిగుళ్ల మీద, అంగిట్లో కూడా మచ్చలుంటే అది పాలు కాదు.

ఇలాంటి బిడ్డకు డాక్టర్లు తరచుగా రాసేది నిస్టాటిన్ చుక్కల మందు. మిల్లీలీటరుకు లక్ష యూనిట్లుండే మందును సాధారణంగా రోజుకు 4 సార్లు, ఒక్కోసారి 1 మి.లీ. ఇస్తారు. మీ బిడ్డకెంతో చీటీలో చూసుకోండి. సీసా బాగా కుదిపి, పాలు పట్టిన తర్వాతే, సగం ఒక బుగ్గలో, సగం రెండో బుగ్గలో వేయాలి. ఈ మందు తగిలిన చోటే పనిచేస్తుంది. పాలకు ముందు వేస్తే పాలతో కొట్టుకుపోతుంది. మూడో రోజుకే మచ్చలు పోయాయని చాలామంది ఆపేస్తారు, వారంలో మళ్లీ వస్తుంది. మచ్చలు పోయాక ఇంకో 2 రోజులు వాడాలి. మైకొనజోల్ జెల్ నాలుగు నెలల లోపు పిల్లలకు వద్దు, చిక్కగా ఉండి గొంతులో అడ్డుపడుతుంది. పెద్దవాళ్లు తేనె రాయమంటారు. ఏడాది లోపు బిడ్డకు తేనె తగలనివ్వకండి, బాట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు.

తల్లి సంగతి మరిస్తే మందంతా వృథా. ఫంగస్ బిడ్డ నోటి నుంచి చనుమొనకు, అక్కడి నుంచి మళ్లీ నోటికి తిరుగుతుంది. బిడ్డ పట్టుకోగానే నొప్పి పుట్టి, కాసేపటికి తగ్గితే, పట్టు సరిగా లేదేమో ముందు చూసుకోండి. పాలిచ్చాక కూడా మంట ఆగకపోతే, అప్పటిదాకా లేని నొప్పి రెండు వైపులా మొదలైతే, చనుమొన మెరుస్తూ ఎర్రబడితే థ్రష్ అనుమానించాలి. అప్పుడు ఇద్దరికీ ఒకే రోజు మందు మొదలుపెట్టించుకోండి. డాక్టర్ రాసిన క్రీము పాలిచ్చాక పలచగా రాసి, మళ్లీ పట్టేముందు మిగిలింది మెత్తగా తుడిచేయాలి. పాలు మానొద్దు. తడిసిన బ్రా ప్యాడ్లు వెంటనే మార్చండి. పాలపీక, సీసా రోజూ మరిగించండి. పాలు పిండి ఫ్రీజర్‌లో పెట్టినా వాటిలో ఫంగస్ చావదు కాబట్టి, ఆ రోజుల పాలు దాచిపెట్టకుండా అప్పుడే పట్టేయండి.

వారం మందు వేసినా తగ్గకపోతే మళ్లీ చూపించండి. బిడ్డ పాలు తాగకపోయినా, ఉచ్చ తగ్గినా, జ్వరం వచ్చినా, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డైనా వారం ఆగకుండా అదే రోజు తీసుకెళ్లాలి.