వార్డులో చేతుల శుభ్రత: పాటించడం ఎలా, లెక్కించడం ఎలా?

గోదావరికి వరద వచ్చిందంటే కోనసీమ వైపు ఆసుపత్రి వార్డులకు వాంతులు, విరేచనాల రోగులు ఎక్కువగా వస్తారు. మంచానికీ మంచానికీ మధ్య మూరెడు దూరం కూడా ఉండదు. అక్కడ సిబ్బంది చేతులు ఎప్పుడు శుభ్రం కావాలో ముందు తేల్చుకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు సందర్భాలు చెప్పింది. రోగిని తాకే ముందు. ఇంజెక్షన్, కట్టు వంటి శుభ్రమైన పని ముందు. రక్తం, వాంతి, మలమూత్రాలు తగిలే పని తర్వాత. రోగిని తాకిన తర్వాత. రోగిని ముట్టకపోయినా అతని మంచం, బల్ల తాకిన తర్వాత. అందరూ మరిచేది ఈ చివరిదే.

చేతులకు మురికి కనిపించకపోతే శానిటైజర్ చాలు. అరచేతి గుంట నిండేంత తీసుకుని 20 నుంచి 30 సెకన్లు రుద్దాలి. అరచేతులు, వాటి వెనుక వైపు, వేళ్ల సందులు, వేళ్ల వెనుక భాగం, బొటనవేళ్లు, చివరగా వేలి కొనలను అరచేతిలో గుండ్రంగా. తడి ఆరేదాకా ఆపకూడదు. మురికి కనిపించినా, విరేచనాల రోగికి సేవ చేసినా సబ్బు, నీళ్లే వాడాలి. మొత్తం 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. విరేచనాలు కలిగించే కొన్ని క్రిములను ఆల్కహాల్ సరిగా చంపలేదు. ఉంగరాలు, గాజులు డ్యూటీకి ముందే తీసేయాలి. సింకు పక్కన రోజంతా వేలాడే తడి తువ్వాలుతో తుడుచుకుంటే కడిగిన ఫలితం పోయినట్టే.

ఇక ఆడిట్, అంటే సిబ్బంది దీన్ని ఎంతవరకు పాటిస్తున్నారో చూసి లెక్కించడం. ఒక మూల నిలబడి సుమారు 20 నిమిషాలు, ఒకేసారి ముగ్గురికి మించకుండా గమనించండి. పేర్లు రాయవద్దు, నర్సు, డాక్టర్, ఆయా అని హోదా మాత్రం రాయండి. చేతులు శుభ్రం చేసుకోవాల్సి వచ్చిన ప్రతిసారీ ఒక అవకాశం కింద లెక్క. లెక్క ఇలా ఉంటుంది. ఒక నర్సు శానిటైజర్ రుద్దుకుని 4వ మంచం రోగి నాడి చూసింది: ఒక అవకాశం, పాటించింది. అదే చేతులతో, నరంలో పెట్టిన కాన్యులా గొట్టంలోకి మందు ఎక్కించింది: రెండో అవకాశం, తప్పింది. చేతులు రుద్దుకుని నేరుగా 5వ మంచం రోగిని పట్టుకుని కూర్చోబెట్టింది. 4వ రోగి తర్వాత, 5వ రోగి ముందు అని సందర్భాలు రెండున్నా, మధ్యలో ఒక్కసారి రుద్దుకుంటే రెండూ తీరతాయి కాబట్టి ఇది ఒకే అవకాశం. తర్వాత గ్లౌజులు వేసుకుని వాంతి తుడిచి, వాటిని తీసి కడుక్కోకుండానే కేస్‌షీటు పట్టుకుంది: తప్పింది. నాలుగు అవకాశాల్లో రెండు, అంటే 50 శాతం. గ్లౌజులు వేసుకున్నాను కదా అంటుంది ఆమె. తీసేటప్పుడే చేతికి మురికి అంటుతుంది, కాబట్టి దాన్ని పాటించినట్టు రాయకూడదు.

ఒక్క నర్సుతో వచ్చిన శాతానికి విలువ లేదు. వార్డుకు 200 అవకాశాలు పోగైతేనే గత విడత లెక్కతో పోల్చవచ్చు. ఎవరో చూస్తున్నారని తెలిస్తే అందరూ జాగ్రత్తపడతారు, అందువల్ల నెలకు ఎన్ని సీసాల శానిటైజర్ ఖర్చయిందో స్టోరులో కూడా అడగండి. రోగుల సంఖ్య తగ్గకుండానే శాతం పెరిగి సీసాలు తగ్గితే, ఆ శాతాన్ని నమ్మవద్దు.