లావా కేక్: గోడ నిలబడి లోపల జారుగా రావాలంటే ఎలా చేయాలి?

లావా కేక్ మధ్యలో కనిపించే చాక్లెట్ ద్రవం విడిగా పోసింది కాదు. కనీసం మనం ఇంట్లో చేసుకునే రకంలో కాదు. ఫ్రాన్స్‌లో మిషెల్ బ్రాస్ అనే షెఫ్ 1981లో తెచ్చిన కేక్‌లో, చాక్లెట్‌లో క్రీమ్ కలిపి చేసే గనాష్‌ను గడ్డకట్టించి, ఆ ముద్దను పిండి మధ్యలో పెట్టి కాల్చేవారు. ఇళ్లలో ఎక్కువమంది చేసే రకం దానికంటే తేలిక. ఒకే మిశ్రమాన్ని అంచుల్లో ఉడికించి, మధ్యలో ఉడకకముందే తీసేయాలి. కాబట్టి ఇక్కడ అసలు పని మిశ్రమం కలపడం కాదు, గిన్నెను సిద్ధం చేయడం, గడియారం చూడడం, బోర్లించడం.

మిశ్రమం

180 మిల్లీలీటర్లు పట్టే 4 ర్యామెకిన్లకు, అంటే చిన్న పింగాణీ గిన్నెలకు కొలతలివి: డార్క్ చాక్లెట్ 170 గ్రాములు, బటర్ 115 గ్రాములు, గుడ్లు 2, వాటితో పాటు విడిగా పచ్చసొనలు 2, చక్కెర 50 గ్రాములు, మైదా 2 టేబుల్ స్పూన్లు, చిటికెడు ఉప్పు. చాక్లెట్‌లో కోకో 55 నుంచి 70 శాతం దాకా ఉంటే బాగుంటుంది. కాంపౌండ్ చాక్లెట్ వాడితే కేక్ వస్తుంది కానీ రుచిలో తేడా తెలుస్తుంది. అందులో కోకో బటర్‌కు బదులు వేరే నూనె ఉంటుంది మరి.

చాక్లెట్, బటర్ కలిపి, మరుగుతున్న నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. గిన్నె అడుగు నీళ్లకు తగలకూడదు. గుడ్లు, సొనలు, చక్కెర, ఉప్పు కలిపి రంగు తేలిపోయి కాస్త చిక్కబడే దాకా గిలకొట్టండి. చాక్లెట్ గోరువెచ్చగా అయ్యాకే ఇందులో కలపాలి. వేడిగా పోస్తే గుడ్డు అక్కడక్కడా ఉడికి పలుకులు కడుతుంది. చివర్లో మైదా జల్లించి వేసి, తెల్లగా కనిపించకుండా పోయే దాకా మాత్రమే గరిటెతో తిప్పండి.

గిన్నెలకు పూత

చాలామంది ఇక్కడే తొందరపడతారు. కేక్ లోపల సగం ద్రవమే కాబట్టి గోడ ఎక్కడైనా గిన్నెకు అంటుకుంటే, బోర్లించగానే అక్కడ చిరిగి చాక్లెట్ అంతా పళ్లెంలో పారిపోతుంది.

బటర్ కరిగించి కాకుండా, గది వేడికి మెత్తబడ్డాక వాడండి. కరిగిన బటర్ గోడ మీద నిలవక అడుగుకి జారిపోతుంది. బ్రష్‌తో అడుగు నుంచి పైఅంచు దాకా నిలువు గీతలుగా రాయండి. అడుగూ గోడా కలిసే మూలలో ఇంకోసారి తిప్పండి, అంటుకునేది ఎక్కువగా అక్కడే. గిన్నెలను 5 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, పూత గట్టిపడ్డాక రెండోసారి రాయండి. తర్వాత ఒక చెంచా కోకో పొడి వేసి, గిన్నెను పక్కకు వంచి తిప్పుతూ గోడంతా పట్టించి, మిగిలింది తట్టి దులిపేయండి. మైదాతో కూడా పని జరుగుతుంది కానీ నల్లటి కేక్ మీద తెల్ల మచ్చలు పడతాయి. అడుగున గుండ్రంగా కత్తిరించిన బటర్ పేపర్ వేస్తే ఇంకా ధీమా.

ర్యామెకిన్లు లేకపోతే అల్యూమినియం మౌల్డులు, చిన్న స్టీలు గిన్నెలు వాడొచ్చు. పింగాణీ నెమ్మదిగా వేడెక్కుతుంది, అల్యూమినియం త్వరగా వేడెక్కుతుంది. కాబట్టి అల్యూమినియంలో పోసినప్పుడు ఒకటి రెండు నిమిషాలు ముందు నుంచే చూస్తూ ఉండాలి. గిన్నె ఏదైనా, అన్నింటిలో ఒకే ఎత్తుకు పోయండి. తక్కువ పోసిన గిన్నె ముందే ఉడికిపోతుంది.

ఎంతసేపు?

పింగాణీ గిన్నెలకు 220 డిగ్రీల దగ్గర 11 నుంచి 13 నిమిషాలు పడుతుంది. వేడి ఎందుకంత ఎక్కువ? అంచులు గబగబా గట్టిపడాలి, ఆ వేడి మధ్యకు చేరేలోపు బయటికి తీయాలి. 160 దగ్గర నిదానంగా కాలిస్తే గోడ, మధ్యభాగం దాదాపు కలిసే ఉడుకుతాయి, మిగిలేది మామూలు కేక్.

కానీ ఓటీజీ మీద ఉన్న నంబరును పూర్తిగా నమ్మలేం, ఒక్కోదాని వేడి ఒక్కోలా ఉంటుంది. అందుకే నా పద్ధతి ముందు ఒక్క గిన్నెతో పరీక్ష. రెండు రాడ్లూ వేసి 220 దగ్గర కనీసం 15 నిమిషాలు ముందుగా వేడి చేసి, ట్రేని లోపలే ఉంచి, నడిమి అరలో ఒక్క గిన్నె పెట్టండి. ఉదాహరణకు 11 నిమిషాలకు తీసి బోర్లించారనుకోండి. కేక్ కూలిపోయి పారితే మిగతావాటికి ఒకటిన్నర నిమిషం పెంచండి. నిలబడి, కోస్తే చెంచాడు చాక్లెట్ మాత్రమే కారితే నిమిషం తగ్గించండి. సరిగ్గా వస్తే మిగతా మూడింటికి అర నిమిషం కలపండి, ఎందుకంటే మూడు గిన్నెలు ఒకేసారి పెడితే చిన్న ఓటీజీలో వేడి కొంత పడిపోతుంది. కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో ఫ్యాన్ తిరుగుతుంది కాబట్టి 200 చాలు.

గడియారంతో పాటు పైభాగం కూడా చెబుతుంది. అంచు చుట్టూ వేలెడు వెడల్పున మెరుపు పోయి, మామూలు కేక్‌లా పొడిగా కనిపించాలి. నడుమ రూపాయి బిళ్లంత చోటు మెత్తగా ఉండి, గిన్నె కదిపితే అంతవరకే వణకాలి. పైభాగమంతా ఊగితే ఇంకా ఉడకలేదు. నడుమ కూడా ఉబ్బి పగిలితే సమయం దాటిపోయినట్టే. పుల్ల గుచ్చి చూసే అలవాటు ఇక్కడ పనికిరాదు.

బోర్లించడం

బయటికి తీశాక నిమిషం ఆగండి, గోడ కాస్త బిగుస్తుంది. మూడు నాలుగు నిమిషాలు ఆగితే మాత్రం గిన్నెలో ఉన్న వేడికే మధ్యభాగం ఉడికిపోతుంది. పింగాణీలో ఈ ప్రమాదం ఎక్కువ, అది వేడిని త్వరగా వదలదు.

పలుచటి చాకును గిన్నె గోడకు ఆనించి, కేక్‌లోకి దిగకుండా ఒక్క చుట్టు తిప్పండి. పళ్లెం గిన్నె మీద బోర్లించి, గుడ్డతో రెండింటినీ గట్టిగా పట్టుకుని ఒక్కసారిగా తిప్పేయండి. వెంటనే ఎత్తకండి. పది లెక్కపెట్టే దాకా ఆగితే కేక్ తన బరువుకి తానే కిందికి దిగుతుంది. అప్పుడు గిన్నెను నిటారుగా, మెల్లగా లేపండి. కదలకపోతే అడుగున చాకు పిడితో ఒకసారి తట్టండి, కుదపొద్దు. అప్పటికీ రాకపోతే బలవంతం వద్దు. మళ్లీ తిప్పేసి గిన్నెలోనే ఐస్‌క్రీమ్ పెట్టి ఇచ్చేయండి, రుచిలో ఏ తేడా ఉండదు.

ఇంకో మాట. మధ్యలో గుడ్డు పూర్తిగా ఉడకదు కాబట్టి గర్భిణులకు, చిన్నపిల్లలకు, పెద్దవయసు వాళ్లకు పూర్తిగా కాల్చినదే పెట్టండి. అది లావా కాదు, మెత్తటి చాక్లెట్ కేక్, అయినా బాగానే ఉంటుంది.

చుట్టాలు వచ్చే రోజున మిశ్రమం పొద్దున్నే గిన్నెల్లో పోసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు. భోజనాలు మొదలైనప్పుడు బయటపెట్టి, అరగంట తర్వాత కాల్చండి. నేరుగా ఫ్రిజ్ నుంచి ఓవెన్‌లోకి పెడితే రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, ముందు చేసిన పరీక్షలో తేలిన లెక్క అప్పుడు పనిచేయదు. కాల్చిన కేక్‌ను మాత్రం దాచి మళ్లీ వేడిచేయొద్దు, లోపలిది గట్టిపడిపోతుంది.