పిల్లలకు ఇంట్లో ఎనాక్సపారిన్ ఇంజెక్షన్ ఎలా వేయాలి? రక్తపరీక్షకు ఏ టైమ్‌లో వెళ్లాలి?

హైదరాబాద్‌లో పిల్లల వార్డులో పనిచేస్తూ, రక్తం గడ్డకట్టకుండా చూసే ఎనాక్సపారిన్ మందు వేయడం తల్లిదండ్రులకు నేర్పిస్తుంటాను. సూది గుచ్చడం రెండు రోజుల్లో వచ్చేస్తుంది. పొరపాట్లు జరిగేది వేరేచోట: సిరంజి మీది గీతల దగ్గర ఒకటి, రక్తం ఇచ్చే గంట దగ్గర ఇంకొకటి. అందుకే ఆ రెండింటి గురించే ఎక్కువగా రాస్తున్నాను.

నాచారం నుంచి వచ్చిన ఒక మూడేళ్ల పాప సంగతి చెబుతాను. ఐసీయూలో తొడ దగ్గర సెంట్రల్ లైన్, అంటే పెద్ద సిరలోకి వేసే సన్నటి గొట్టం, పెట్టారు. అది తీసిన తర్వాత కాలు వాచింది. డాప్లర్ స్కాన్‌లో సిరలో రక్తం గడ్డ కనిపించింది. అప్పుడు పాప బరువు 12 కిలోలు.

మొదట బరువు, తర్వాత డోసు

రెండు నెలలు దాటిన పిల్లలకు గడ్డకు చికిత్సగా కిలోకు 1 మి.గ్రా. చొప్పున, 12 గంటలకోసారి మొదలుపెడతారు. రెండు నెలల లోపు పసికందులకు కిలోకు 1.5 మి.గ్రా. చిన్నపిల్లల ఒంట్లోంచి ఈ మందు త్వరగా పోతుంది కాబట్టి బరువును బట్టి చూస్తే వాళ్లకే ఎక్కువ కావాలి. కిడ్నీలు సరిగా పనిచేయని పిల్లల్లో మందు పేరుకుపోతుంది, వాళ్ల లెక్క డాక్టరు వేరుగా వేస్తారు. మన పాపకు 12 మి.గ్రా. పొద్దున 8కి, రాత్రి 8కి. బరువు ఆ రోజు చూసిందే రాయాలి. పోయిన నెల చీటీలోది పనికిరాదు.

సిరంజి చూసి తీసుకోండి

పెద్దవాళ్లకు వాడే 40 మి.గ్రా. రెడీమేడ్ సిరంజి మీద సాధారణంగా గీతలుండవు. అందులోంచి 12 మి.గ్రా. కంటితో అంచనా వేసి ఇవ్వడం కుదరని పని. అందుకే 3 మి.లీ.లో 300 మి.గ్రా. ఉండే వయల్ రాసిస్తారు. అంటే 1 మి.లీ.లో 100 మి.గ్రా. యూ-100 ఇన్సులిన్ సిరంజిలో 100 గీతలు కలిపితే 1 మి.లీ. అవుతుంది. కాబట్టి ఒక్కో యూనిట్ గీతకు సరిగ్గా 1 మి.గ్రా. మందు వస్తుంది. 12 మి.గ్రా. కావాలంటే 12వ గీత దాకా లాగితే చాలు, వేరే లెక్క అక్కర్లేదు.

కానీ మన మెడికల్ షాపుల్లో యూ-40 సిరంజిలు కూడా బాగా అమ్ముతారు. వాటి మూత ఎర్రగా ఉంటుంది, యూ-100 మూత నారింజ రంగు. యూ-40లో ఒక మిల్లీలీటరుకు 40 గీతలే. అందులో 12వ గీత దాకా లాగితే 0.3 మి.లీ., అంటే 30 మి.గ్రా. మందు వస్తుంది. రెండున్నర రెట్లు! డిశ్చార్జ్ రోజు ఒక నాన్న షాపు నుంచి తెచ్చిన ప్యాకెట్ చూపిస్తే అన్నీ ఎర్ర మూతలే. "ఇన్సులిన్ సిరంజి అంటే ఇదే ఇచ్చారు సిస్టర్" అన్నాడు. షాపతని తప్పు కూడా కాదు, చీటీలో యూ-100 అని లేదు. అప్పటి నుంచి నేనే చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయిస్తున్నాను. పసిపిల్లల కోసం ఆసుపత్రి ఫార్మసీలో మందును పలుచన చేసి ఇస్తే ఈ గీతల లెక్క అస్సలు పనికిరాదు. ఎన్ని గీతలో వాళ్లనే రాసివ్వమని అడగండి.

సూది వేయడం

చేతులు కడుక్కుని, తొడ బయటివైపు చర్మాన్ని తుడిచి ఆరనివ్వండి. వయల్ నుంచి లాగాక సిరంజిని నిలువుగా పట్టి గాలి బుడగ తీసేయండి. ఇంత చిన్న డోసులో బుడగ కూడా మందు చోటే ఆక్రమిస్తుంది. రెండు వేళ్లతో చర్మాన్ని మడతలా పట్టుకుని, సూది గుచ్చి నెమ్మదిగా నొక్కి, సూది బయటికొచ్చాకే మడత వదలండి. దూదితో రెండు నిమిషాలు ఒత్తి పట్టుకోండి, రుద్దొద్దు. రుద్దితే నీలం మచ్చ పెద్దదవుతుంది. చిన్న మచ్చలు మామూలే. ఇవాళ పొద్దున కుడి తొడ అయితే రాత్రి ఎడమ తొడ.

ఒక డోసు మరిచిపోతే తర్వాతి దాంతో కలిపి డబుల్ వేయొద్దు, ఆసుపత్రికి ఫోన్ చేసి అడగండి.

రక్తపరీక్ష: గడియారమే ముఖ్యం

మందు ఎంత పనిచేస్తోందో చెప్పే పరీక్ష పేరు యాంటీ టెన్-ఏ. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే మామూలు ఏపీటీటీ పరీక్ష ఈ మందు సంగతి సరిగా చెప్పదు. ఇంజెక్షన్ వేసిన 4 నుంచి 6 గంటల మధ్య రక్తం తీయాలి, ఎందుకంటే మందు గరిష్ఠ స్థాయికి చేరేది అప్పుడే. చికిత్స డోసులో ఉన్నప్పుడు ఫలితం 0.5కి, 1.0కి మధ్య ఉండాలి.

మన పాపకు మూడో డోసు తర్వాత 4 గంటలకు చూస్తే 0.42 వచ్చింది. 0.35 నుంచి 0.49 మధ్య వస్తే డోసు 10 శాతం పెంచడం చాలాచోట్ల పాటించే పట్టిక. 12కి పది శాతం కలిపితే 13.2. డాక్టరు దాన్ని 13 చేశారు. మళ్లీ చూస్తే 0.61. పాప ఇంటికెళ్లింది.

రెండు వారాల తర్వాత ఓపీలో చూపించుకోవడానికి వచ్చారు. పొద్దున 8కి ఇంట్లో ఇంజెక్షన్ వేసి బయల్దేరారు. ట్రాఫిక్, ఓపీ క్యూ, బిల్లు కౌంటర్ దాటుకుని రక్తం ఇచ్చేసరికి మూడున్నర. రిపోర్టు 0.38. కాగితం మీద చూస్తే డోసు మళ్లీ పెంచాలి. కానీ అప్పటికి ఏడున్నర గంటలు గడిచాయి, మందు దిగిపోతున్న టైమ్ అది. మర్నాడు 8కి వేసి, 12:15కి తీస్తే 0.63. డోసు సరిగ్గానే ఉంది. మొదటి రిపోర్టు నమ్మి పెంచేసి ఉంటే రక్తస్రావం ప్రమాదాన్ని చేతులారా తెచ్చిపెట్టినట్టయ్యేది.

అందుకే పరీక్ష రోజు ఇలా చేయండి. ఇంజెక్షన్ వేసిన నిమిషం ఫోన్‌లో రాసుకోండి. ల్యాబ్‌లో 12కే చేరేలా చూసుకుని, ఓపీ కంటే ముందు రక్తం ఇచ్చేయండి. ల్యాబ్ ఫారం మీద రెండు టైమ్‌లూ రాయించండి: సూది వేసింది ఎప్పుడు, రక్తం తీసింది ఎప్పుడు. నీలం మూత ట్యూబు గీత దాకా నిండాలి, తక్కువ పోస్తే లెక్క తప్పుతుంది. ఇలాగే రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ అనే మందుతో శుభ్రం చేసే సెంట్రల్ లైన్ నుంచి తీస్తే లేని మందు ఉన్నట్టు చూపిస్తుంది, చేతి సిర నుంచే తీయమనండి. ఈ పరీక్ష ప్రతి ల్యాబ్‌లో చేయరు. ఇంటి దగ్గర శాంపిల్ ఇచ్చే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

ఫలితం 1.0 దాటితే తగ్గించేదీ, ఒక డోసు ఆపేదీ డాక్టరే. ఇంట్లో మీరు మార్చొద్దు. స్థిరపడ్డాక ఈ పరీక్ష ఎన్నాళ్లకోసారి చేయాలో వాళ్లే చెబుతారు, మధ్యలో ప్లేట్‌లెట్లు కూడా చూస్తారు. మళ్లీ వెళ్లినప్పుడల్లా బరువు తూయించండి.

వెంటనే ఆసుపత్రికి

ముక్కు నుంచి రక్తం పది నిమిషాలు ఒత్తి పట్టినా ఆగకపోతే, మలం నల్లగా తారులా వస్తే, మూత్రం ఎర్రగా ఉంటే, తలకు దెబ్బ తగిలితే, వాంతులతో పాటు మత్తుగా ఉంటే తర్వాతి ఇంజెక్షన్ వేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. జ్వరం వస్తే పారాసిటమాల్ ఇవ్వండి, ఐబుప్రొఫెన్, ఆస్ప్రిన్ సొంతంగా ఇవ్వొద్దు. టీకా, పన్ను తీయడం, వెన్నులోంచి నీరు తీయడం లాంటివి ఏమున్నా ముందే చెప్పండి. వెన్నులో సూది అంటే సాధారణంగా 24 గంటల ముందే ఈ మందు ఆపాల్సి ఉంటుంది.

ఇంకొక్క మాట: మన పాపలా పూటకు 13 చొప్పున రోజుకు 26 మి.గ్రా. లెక్కన వయల్ పదకొండు రోజులే వస్తుంది. తొమ్మిదో రోజుకల్లా కొత్తది తెచ్చిపెట్టుకోండి, ఆదివారం రాత్రి ఎనిమిదింటికి మందు కోసం షాపులన్నీ తిరగాల్సిన పని ఉండదు.