క్యాష్ ముగింపు: స్క్రీన్ చూడకముందే లెక్కపెట్టండి

బ్యాంకులో కౌంటర్ మూశాక కొత్త టెల్లర్లు ఎక్కువగా చేసే తప్పు, సిస్టమ్ చూపే మొత్తాన్ని ముందు చూసి తర్వాత నోట్లు లెక్కపెట్టడం. ఎంత రావాలో తెలిస్తే చేయి దానికే సర్దుకుంటుంది, కట్టలో ఒక నోటు తక్కువైనా కన్ను దాటిపోతుంది. అందుకే ఆఖరి ఓచర్ పోస్ట్ చేసి, కౌంటర్‌లో ఒక్కో విలువ నోట్లనూ విడిగా పేర్చి, ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసి సంతకం పెట్టండి. నాణేలు, చిరిగిన నోట్లు కూడా ఆ కాగితంలోకి రావాలి. ఉదయం కట్టు కట్టి ఉన్న కట్టలనూ విప్పి మెషిన్‌లో వేయండి. కట్టు మీది సంఖ్యను నమ్మవద్దు.

తర్వాత లెక్క: ఉదయం తీసుకున్న నగదుకు రోజు వసూళ్లు కలిపి, చెల్లింపులు తీసేయాలి. మధ్యలో హెడ్ క్యాషియర్‌కు అప్పగించినది చెల్లింపుల వైపు, తెచ్చుకున్నది వసూళ్ల వైపు వస్తుంది. ఈ రెండు బదిలీలకూ ఇద్దరి సంతకాలున్న స్లిప్ ఉండాలి. చాలా తేడాలు ఇక్కడే దాక్కుంటాయి.

ఒక ఉదాహరణ. ఉదయం 2,00,000. వసూళ్లు 8,46,500, చెల్లింపులు 7,31,200. ఉండాల్సింది 3,15,300. చేతిలో ఉన్నది 3,12,600. అంటే 2,700 తక్కువ.

నోట్లు రెండోసారి లెక్కపెట్టినా అదే వస్తే, ఇక ఓచర్లు తిరగేయండి. అంతకంటే ముందు ఆ తేడానే ఒకసారి పరిశీలించండి. 2,700ని 9తో భాగిస్తే సరిగ్గా 300. ఇలా 9తో తెగే తేడా అంకెలు తారుమారైనప్పుడు గానీ సున్నా అటూ ఇటూ అయినప్పుడు గానీ తరచూ వస్తుంది. యాదృచ్ఛికంగానూ తెగవచ్చు కాబట్టి ఇది జాడ మాత్రమే, రుజువు కాదు. మరో జాడ, తేడాలో సగం: 1,350 చెల్లింపు పొరపాటున వసూలుగా పోస్ట్ అయితే కూడా లెక్క ఇంతే తప్పుతుంది. ముందు 1,350 ఓచర్ ఉందేమో చూడండి, ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

లేకపోతే డిపాజిట్ స్లిప్పుల మీద కస్టమర్ రాసిన నోట్ల వివరాలను, ఆ రోజు ఎంట్రీల జాబితా అయిన స్క్రోల్‌లోని మొత్తాలతో పోల్చండి. ఈ ఉదాహరణలో ఒక స్లిప్ మీద 500 నోట్లు 9, 100 నోట్లు 2 ఉన్నాయి, అంటే 4,700. స్క్రోల్‌లో మాత్రం 7,400 పడింది. సరిగ్గా 2,700.

దొరికాక మీరే సరిదిద్దేయకండి. అధికారి అనుమతితో తప్పు ఎంట్రీని రివర్స్ చేయించి, సరైన మొత్తం పోస్ట్ చేయించండి. ఖాతాలో అదనంగా పడ్డ డబ్బును ఎవరైనా తీసేసుకుంటే తిరిగి రాబట్టడం కష్టం, అందుకని ఇది ఆ రోజే జరగాలి.

దొరకకపోతే సొంత డబ్బు వేసి పూడ్చవద్దు. ఎక్కువ వస్తే రేపటి తక్కువకు ఉంచుకోనూ వద్దు, ఆ ఎక్కువ మొత్తం ఎవరో కస్టమర్‌కు తక్కువ ఇచ్చిన డబ్బు కావచ్చు. రెండు సందర్భాల్లోనూ నగదు పెట్టె మూయకముందే హెడ్ క్యాషియర్‌కు చెప్పి, తేడాను రిజిస్టర్‌లో ఉన్నదున్నట్టు రాయించండి.