ఓపెన్ బుక్, టేక్ హోమ్: రెండు పరీక్షలకూ ఎలా సిద్ధం కావాలి?

విశాఖలో పీజీ పిల్లలకు నేను రెండు రకాల పరీక్షలూ పెడుతుంటాను. పుస్తకం చూసి రాయొచ్చు కాబట్టి రెండూ ఒకటేనని వాళ్లు అనుకుంటారు. మార్కులు పోయేది అక్కడే.

ముందుగా ప్రశ్నపత్రం పైన ఉన్న సూచనలు చదవండి. ఓపెన్ బుక్ పరీక్ష సాధారణంగా హాల్లోనే, ఇన్విజిలేటర్ ఎదుటే జరుగుతుంది. ఏ పుస్తకం తీసుకెళ్లొచ్చు, చేతిరాత నోట్స్ పనికొస్తాయా, జిరాక్స్ కాగితాలు ఒప్పుకుంటారా అన్నది మీ టీచర్ను ముందే అడగండి. పక్కవాళ్ల పుస్తకం అందుకోవడం మాత్రం కాపీ కిందే లెక్క. టేక్ హోమ్‌లో ఏ పుస్తకమైనా చూడొచ్చు, కానీ ఎవరితో మాట్లాడొచ్చన్నది ప్రశ్న. పత్రంలో ‘ఎవరికి వారే రాయాలి’ అని ఉంటే, రూమ్మేట్‌తో కలిసి జవాబు అల్లుకోవడం కూడా తప్పే.

తర్వాత సమయం. హాల్లో మూడు గంటలు, ఐదు ప్రశ్నలు అనుకోండి. ఒక్కో దానికి 36 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకు పది నిమిషాలు పేజీలు తిప్పితే యాభై నిమిషాలు అక్కడే పోతాయి. అందుకే ముందు రోజే ఒక కాగితం మీద ఏ అంశం ఏ పేజీలో ఉందో రాసుకుని, పుస్తకానికి రంగు చీటీలు అంటించుకోండి. చదవని పాఠాన్ని హాల్లో చదివి రాయడం కుదరదు.

టేక్ హోమ్‌కు నేను 72 గంటలిస్తాను, శుక్రవారం ఉదయం పది నుంచి సోమవారం పది దాకా. పోయినసారి ప్రశ్న: 2014 అక్టోబర్‌లో వచ్చిన హుద్‌హుద్ తుపాను తర్వాత నగరంలో చెట్లు తిరిగి నాటడంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాల్సింది? 1500 మాటల్లో రాయాలి. గాజువాక నుంచి వచ్చే ఒక అమ్మాయి శుక్రవారమంతా చదివింది, శనివారం రాసింది, ఆదివారం దిద్దింది. ఇలా పంచుకోవడమే సరైన పద్ధతి.

జవాబులోని మాటలు వేరే రచనలతో ఎంత కలుస్తున్నాయో సాఫ్ట్‌వేర్ రంగు వేసి చూపే సారూప్యత నివేదికలో ఆమెకు 22 శాతం వచ్చింది. భయంతో ఫోన్ చేసి, ‘మేడమ్, పది దాటితే ఫెయిలేనా?’ అంది. ఆ పది శాతం లెక్క 2018 యూజీసీ నిబంధనల్లోది. అది థీసిస్‌లకూ ప్రచురించే పరిశోధనలకూ చెప్పింది. అసైన్‌మెంట్లు, జవాబు పత్రాలు దాని పరిధిలోకి రావని ఆ నిబంధనల్లోనే ఉంది. మీ కాలేజీ నియమమే మీకు వర్తిస్తుంది.

ఇద్దరం కూర్చుని చూశాం. 22 శాతమంటే 330 మాటలు. అందులో 120 మాటలు కొటేషన్ గుర్తుల్లో మూలం చెప్పి రాసిన చట్టం నిర్వచనం. 90 మాటలు చివరి పుస్తకాల పట్టిక. ఈ రెండూ తీసేస్తే మిగిలింది 120, అంటే 8 శాతం. అది సురక్షితమేనా? కాదు. అందులో 70 మాటలు ఒక నివేదిక నుంచి వరుసగా, పేరు చెప్పకుండా దిగిపోయాయి. శాతం చిన్నదే, తప్పు మాత్రం నిజమైనది. అందుకే అంకె చూసి ఆగకండి, రంగు పడిన ప్రతి వాక్యం దగ్గరా మూలం పేరుందో లేదో చూడండి. గడువులోపే చూసింది కనుక ఆ పేరా తన మాటల్లో తిరగరాసి, మూలం రాసింది.

ఇక హాల్లో రాసిన చేతిరాత పత్రం ఈ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లదు, దిద్దేవాళ్లే పోల్చి పట్టుకుంటారు. టేక్ హోమ్ ఫైల్లో మాత్రం అక్షరాలు సాఫ్ట్‌వేర్ చదవగలిగేలా ఉండాలి. ఫోటో తీసి పీడీఎఫ్ చేస్తే అందులో దానికి మాటలు కనిపించకపోవచ్చు. తెలుగులో రాస్తే యూనికోడ్‌లోనే టైప్ చేయండి, పాత అను ఫాంట్లలో రాసింది గజిబిజి అక్షరాలుగా వస్తుంది. ఫైల్ తెరిచి ఒక వాక్యం కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేసి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

చివరిది, సమర్పణ. హాల్లో పత్రం ఇచ్చి సంతకం పెడితే అయిపోతుంది. టేక్ హోమ్ జవాబులు పంపే ఆన్‌లైన్ సైట్ మూడ్‌ల్‌లో అయితే ఫైల్ ఎక్కించినంత మాత్రాన అందినట్టు కాకపోవచ్చు. చాలాచోట్ల `Submit assignment` నొక్కాలి. స్టేటస్ `Draft (not submitted)` అని ఉంటే అది ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు. `Submitted for grading` కనిపించాక స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఏటా ఒకరిద్దరు ఇక్కడే తప్పిపోతారు, బాగా రాసినవాళ్లే.

గడువు పదైతే ముందు రాత్రే ఎక్కించండి. అక్టోబర్, నవంబర్‌లలో తుపాను హెచ్చరిక వస్తే ఇంకో రోజు ముందే. హుద్‌హుద్ అప్పుడు ఇక్కడ కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. సైట్ తెరుచుకోకపోతే, గడువు దాటకముందే అదే ఫైల్‌నూ ఎర్రర్ స్క్రీన్‌షాట్‌నూ టీచర్‌కు మెయిల్ చేయండి. ఆ మెయిల్ మీద ఉన్న సమయమే మీకు ఆధారం.