అమ్మ పంపిన పాస్‌బుక్ ఫోటో: ఏది వచ్చింది, ఏది పోయింది?

ఊళ్లో అమ్మో నాన్నో బ్యాంకుకు వెళ్లి పాస్‌బుక్ ప్రింట్ వేయించుకుంటారు. ఆ పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టి, "ఇంత డబ్బు ఎందుకు పోయిందో చూడరా" అంటారు. అందులో ఉన్నవన్నీ ఇంగ్లిష్ పొట్టి అక్షరాలు. చోటు చాలక ప్రింటర్ వాటిని కూడా మధ్యలోనే తెంపేస్తుంది. కాబట్టి వివరాల కాలమ్‌తో కుస్తీ పట్టకుండా ముందు బ్యాలెన్స్ కాలమ్ చూడండి. అందులోని అంకెలు కనబడితే చాలు, చాలావరకు తేలిపోతుంది.

ఉదాహరణకు ఒక పేజీ ఇలా వచ్చిందనుకుందాం. ఫోటో వంకరగా తీయడంతో కాలమ్‌ల పేర్లు పడలేదు.

```
B/F                          14,820.50 Cr
26/05 PMSBY         20.00    14,800.50 Cr
28/05 ATM WDL    5,000.00     9,800.50 Cr
28/05 UPI/DR/5148 1,250.00    8,550.50 Cr
30/05 ATM REV    5,000.00    13,550.50 Cr
05/06 ACH D-     2,750.00    10,800.50 Cr
07/06 AEPS       3,000.00     7,800.50 Cr
```

సమస్య: డబ్బు వచ్చిందో పోయిందో తెలియడం లేదు

కారణం ఫోటోలోనే ఉంది. డబ్బు తీసినది ఒక కాలమ్‌లో, వేసినది పక్క కాలమ్‌లో పడుతుంది. పేజీ వంగినా అంచు తెగినా రెండూ ఒకటిగా కనిపిస్తాయి.

ప్రతి వరుసలోని బ్యాలెన్స్‌ను పై వరుసతో పోల్చండి. తగ్గితే పోయినట్టు, పెరిగితే వచ్చినట్టు. పై పేజీలో 5,000 రెండుసార్లు ఉంది కదా, అమ్మ కంగారు అక్కడే: ఏటీఎం పదివేలు మింగేసిందని. కానీ మొదటి 5,000 దగ్గర బ్యాలెన్స్ 9,800కు పడిపోయింది, రెండో దాని దగ్గర 8,550 నుంచి 13,550కు పెరిగింది. అంటే రెండోది తిరిగి వచ్చిన డబ్బు. REV అంటే ముందు వేసిన ఎంట్రీని వెనక్కి తీశారని. 28న మిషన్ నోట్లు ఇవ్వలేదా అని అమ్మని అడిగితే, "అవును, చీటీ ఒక్కటే వచ్చింది" అంటుంది. అలా నోట్లు రాకుండా ఖాతాలో కోత పడితే ఐదు రోజుల్లోపు బ్యాంకే తిరిగి వేయాలి. ఆ పైన ఆలస్యమైన ప్రతి రోజుకీ 100 రూపాయలు చొప్పున ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన.

పై వరుస కనబడకపోతే ఈ లెక్క కుదరదు. అందుకే B/F ఉన్న వరుస, అంటే వెనక పేజీ నుంచి తెచ్చిన బ్యాలెన్స్, ఫోటోలో తప్పక ఉండాలి. ఫ్లాష్ ఆపేసి, కిటికీ దగ్గర పగటి వెలుగులో, పుస్తకాన్ని బల్ల మీద పరిచి తీయమనండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే అంకెలు అలుక్కుపోవు. ఖాతా నంబరు ఉన్న మొదటి పేజీ మాత్రం ఫ్యామిలీ గ్రూపులో పెట్టొద్దని చెప్పండి.

సమస్య: బ్యాలెన్స్ పక్కన Cr చూసి "కోట్లా?" అనో "అప్పా?" అనో అడుగుతున్నారు

ఫోన్‌లో ఫోటోను తెలుగులోకి మార్చి చదివేవారికి ఈ చిక్కు ఎక్కువ. Cr అంటే క్రెడిట్. బ్యాంకు తన లెక్కలో రాసుకునే గుర్తు అది: ఈ డబ్బు మేం ఖాతాదారుకు ఇవ్వాల్సి ఉంది అని. సేవింగ్స్ ఖాతాలో బ్యాలెన్స్ పక్కన Cr ఉంటే మన డబ్బు బ్యాంకు దగ్గర ఉన్నట్టే. అదే చోట Dr ఉంటే మనమే బ్యాంకుకు బాకీ, దాని గురించి అడగాల్సిందే. పంట రుణం పాస్‌బుక్ అయితే Dr మామూలే, ఎంత అప్పు మిగిలిందో అది చెబుతుంది.

TO, BY కూడా ఇలాంటి పాత పద్దు గుర్తులే. TO TRANSFER అంటే మన ఖాతాలోంచి పోయింది, BY TRANSFER అంటే జమ అయింది. TO CLG మనం ఇచ్చిన చెక్కు, BY CLG మనం వేసిన చెక్కు. అమ్మకు చెప్పేటప్పుడు ఇవేవీ వద్దు. "వచ్చింది, పోయింది, ఇంత మిగిలింది" అని ఒక్కో వరుసకీ వాయిస్ మెసేజ్ పెడితే సరిపోతుంది.

అమెరికాలో ఉన్నవారు ఒకటి గుర్తుంచుకోవాలి: 05/06 అంటే జూన్ 5, మే 6 కాదు.

సమస్య: అడగకుండానే చిల్లర మొత్తాలు కోస్తున్నారు

మే నెలాఖరులో 20 రూపాయలు పోతే అది ప్రధానమంత్రి సురక్షా బీమా, 2 లక్షల ప్రమాద బీమా. జూన్ 1 నుంచి ఏడాది వర్తిస్తుంది. రెండు బ్యాంకుల్లో 20 చొప్పున కోసినా బీమా రెండింతలు కాదు, ఒకచోట ఆపించేయండి. 436 రూపాయలు పోతే జీవన జ్యోతి బీమా. అది 55 ఏళ్ల వరకే ఉంటుంది కాబట్టి అరవై దాటిన నాన్నగారి ఖాతాలో కనబడితే బ్రాంచిలో నిలదీయవచ్చు.

17.70, 295, 590 లాంటి వింత మొత్తాలు కనబడితే 1.18తో భాగించి చూడండి. 15, 250, 500 అని చిల్లర లేని అంకెలు వస్తాయి. అంటే బ్యాంకు ఛార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ. దగ్గర్లో RTN లాంటి అక్షరాలుంటే చెక్కో వాయిదానో బ్యాలెన్స్ చాలక తిరిగిపోయిందని.

ACH D- అంటే ముందే సంతకం పెట్టి ఇచ్చిన అనుమతితో ఏదో సంస్థ తీసుకున్న డబ్బు: వాయిదా, బీమా ప్రీమియం, సిప్ లాంటిది. ACH C- దానికి వ్యతిరేకం, మనకు వచ్చినది. డ్యాష్ తర్వాత ఉండాల్సిన సంస్థ పేరు తెగిపోతే, ఊహించే బదులు బ్రాంచిలో ఆ తేదీకి పూర్తి వివరం అడగాలి. స్టేట్‌మెంట్‌లో అది ఉంటుంది. అక్కర్లేని కోత అయితే ఆ అనుమతిని రద్దు చేయమని రాసివ్వాలి. లేకపోతే వచ్చే నెలా కోస్తారు.

UPI/DR ఫోన్‌తో చెల్లించినది, UPI/CR వచ్చినది. వెంట ఉండే 12 అంకెల నంబరులో మొదటిది సాధారణంగా సంవత్సరం చివరి అంకె, తర్వాతి మూడు ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి. 5148 అంటే 2025లో 148వ రోజు, మే 28. తేదీ సిరా చెదిరిపోయినప్పుడు ఇది బాగా పనికొస్తుంది. ఆ రోజు కిరాణా కొట్టుకు కట్టారేమో అడిగితే ఇట్టే గుర్తుకొస్తుంది.

సమస్య: AEPS అని ఉంది, అమ్మ "నేను తీయలేదు" అంటోంది

టెన్షన్ పడాల్సింది దీనికే. ఆధార్ నంబరు, వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతి ఇది. కార్డు, పిన్, ఓటీపీ ఏవీ అక్కర్లేదు. ముందు తేదీ చెప్పి నెమ్మదిగా అడగండి: ఆ రోజు బ్యాంక్ మిత్ర దగ్గరికి వెళ్లావా, ఎవరి మిషన్ మీదైనా వేలు పెట్టావా అని. వెళ్లి ఉంటే ఎంత చేతికిచ్చారో అడగండి. మూడువేలు రాసి రెండువేలు ఇచ్చే మోసమూ ఉంది. "మొదటిసారి పడలేదమ్మా" అని రెండోసారి వేలు పెట్టించుకుంటే ఒకే రోజు రెండు ఎంట్రీలు పడతాయి.

అసలు వెళ్లనే లేదంటే అదే రోజు బ్రాంచిలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. మన తప్పూ బ్యాంకు తప్పూ లేని మోసంలో, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లోపు చెబితే ఖాతాదారు మీద భారం ఉండదని 2017లో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. మెసేజ్ వచ్చిన ఫోన్ ఎవరి దగ్గర ఉందో కూడా కనుక్కోండి. చాలా ఇళ్లలో అమ్మ ఖాతాకు పాత నంబరే ఉండిపోతుంది.

తర్వాత ఎంఆధార్ యాప్‌లో వేలిముద్రలకు లాక్ వేయండి. కానీ లాక్ ఉన్నంతకాలం రేషన్ షాపులో కూడా వేలిముద్ర పడదు. బియ్యానికి వెళ్లే ముందు మీకు ఫోన్ చేయమనండి, మీరు లాక్ తీశాక వేలు పెట్టవచ్చు.